555 టైమర్: డ్యూటీ సైకిల్ 50 శాతం ఎందుకు రాదు, 11 సెకన్లు 13.5 ఎందుకవుతాయి

ప్రశ్న: 5 వోల్ట్ల మీద మామూలు 555 (బైపోలార్) వాడుతున్నాను. ఆస్టేబుల్‌లో RA 10 కిలోఓమ్, RB 10 కిలోఓమ్, C 47 నానోఫారడ్. సుమారు 1 కిలోహెర్ట్జ్ వచ్చింది కానీ డ్యూటీ 67 శాతం. 50 కావాలని RB మీద 1N4148 డయోడ్ పెడితే 57 దగ్గర ఆగింది, ఫ్రీక్వెన్సీ 1320 హెర్ట్జ్‌కి పోయింది. ఇంకో 555ని మోనోస్టేబుల్‌గా పెట్టాను, 1 మెగాఓమ్, 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్. లెక్క ప్రకారం 11 సెకన్లు, వస్తున్నది 13.5. పైగా బటన్ నొక్కి పట్టుకుంటే అవుట్‌పుట్ అసలు దిగదు. ఐసీ పోయిందా?

సమాధానం:

ఐసీ బాగానే ఉంది. మీరు చూసిన నాలుగు విషయాలూ అది సరిగ్గా పనిచేస్తున్నదనడానికే గుర్తు. చిక్కు 0.693, 1.1 అనే అంకెలను బట్టీపట్టి వాడటంలో ఉంది. అవి ఎక్కడినుంచి వచ్చాయో ఒకసారి చూస్తే మీ కొలతలన్నీ కాగితం మీదే దొరుకుతాయి.

555కి టైమ్ అంటే తెలియదు. లోపల మూడు సమానమైన రెసిస్టర్లు సప్లైని మూడు భాగాలు చేస్తాయి. రెండో పిన్ (ట్రిగ్గర్) సప్లైలో మూడో వంతు కిందికి దిగితే అవుట్‌పుట్ పైకి లేస్తుంది. ఆరో పిన్ (థ్రెషోల్డ్) మూడింట రెండు వంతులు దాటితే అవుట్‌పుట్ దిగి, ఏడో పిన్‌లోని ట్రాన్సిస్టర్ గ్రౌండ్‌కి ఆన్ అవుతుంది. మీ 5 వోల్ట్లలో ఆ గీతలు 1.67, 3.33. మనం లెక్కవేసేది ఒక్కటే: ఒక గీత నుంచి ఇంకో గీతకు కెపాసిటర్ ఎంతసేపట్లో చేరుతుంది?

```
t = R × C × ln( (Vf − V1) / (Vf − V2) )
```

V1 బయలుదేరిన వోల్టేజీ, V2 దాటాల్సిన గీత. Vf అంటే మధ్యలో ఎవరూ ఆపకపోతే కెపాసిటర్ చివరికి చేరే వోల్టేజీ, దాన్ని గమ్యం అందాం. ఈ సమాధానమంతా ఆ గమ్యం గురించే.

ఆస్టేబుల్‌లో ఛార్జింగ్ గమ్యం 5 వోల్ట్లు, బయలుదేరేది 1.67, దాటేది 3.33. పైన 3.33, కింద 1.67, నిష్పత్తి 2, ln 2 అంటే 0.693. డిస్చార్జిలో గమ్యం సున్నా, 3.33 నుంచి 1.67కి దిగాలి, మళ్లీ నిష్పత్తి 2. మోనోస్టేబుల్‌లో సున్నా నుంచి బయలుదేరి 3.33 దాటాలి, గమ్యం 5. నిష్పత్తి 3, ln 3 అంటే 1.0986, దాన్నే 1.1 అంటాం. సప్లై ఎంతైనా ఈ నిష్పత్తులు మారవు. ఎందుకంటే గీతలూ గమ్యమూ కలిసే కదులుతాయి. సప్లై మారినా 555 టైమింగ్ పెద్దగా మారదనే పేరు దీనివల్లే వచ్చింది. గమ్యం ఒక్కటీ తప్పితే ఆ పేరు కూడా పోతుంది.

ఇప్పుడు మీ మొదటి సర్క్యూట్. ఛార్జింగ్ RA, RB రెండింటి గుండా జరుగుతుంది, డిస్చార్జి RB ఒక్కదాని గుండానే.

```
t_high = 0.693 × (RA + RB) × C = 0.693 × 20k × 47n = 651 µs
t_low  = 0.693 × RB × C        = 0.693 × 10k × 47n = 326 µs
f      = 1 / (977 µs)          = 1023 Hz
duty   = (RA + RB) / (RA + 2RB) = 20 / 30 = 66.7 %
```

మీకు వచ్చిన 67 ఇదే. ఈ ఫార్ములాలో RA సున్నా అయితే తప్ప 50 రాదు. అలాగని RA తీసేసి తీగ కలపకూడదు: అప్పుడు ఏడో పిన్ ట్రాన్సిస్టర్ ఆన్ అయినప్పుడల్లా నేరుగా సప్లైని గ్రౌండ్‌కి షార్ట్ చేస్తుంది, ఐసీ నిజంగానే పోతుంది. RA 1 కిలోఓమ్ కంటే తగ్గకుండా చూసుకోండి.

డయోడ్ పెట్టాక ఏం జరిగిందంటే, ఛార్జింగ్ అప్పుడు కరెంట్ RBని తప్పించుకుని డయోడ్ గుండా పోతోంది. కాబట్టి ఆ సమయాన్ని RA ఒక్కటే నిర్ణయిస్తుంది, అది నిజమే. అందుకే చాలామంది RA, RB సమానం కాబట్టి సగం సగం అనుకుంటారు. కానీ డయోడ్ తన వంతు వోల్టేజీ మింగేస్తుంది. మీ సర్క్యూట్‌లో కరెంట్ మిల్లీఆంపియర్‌లో మూడో వంతు లోపే, అంత తక్కువ కరెంట్ దగ్గర 1N4148 మీద డ్రాప్ సుమారు 0.55 వోల్ట్ ఉంటుంది. అంటే కెపాసిటర్ గమ్యం ఇప్పుడు 5 కాదు, 4.45. గీతలు మాత్రం అక్కడే ఉన్నాయి.

```
ln( (4.45 − 1.67) / (4.45 − 3.33) ) ≈ ln 2.49 ≈ 0.913
t_high = 0.913 × 10k × 47n = 429 µs
t_low  = 0.693 × 10k × 47n = 326 µs
f = 1325 Hz,  duty = 56.8 %
```

మీ 57 శాతం, 1320 హెర్ట్జ్ ఇవే. డిస్చార్జిలో డయోడ్ రివర్స్‌లో ఉంటుంది కనుక ఆ వైపు 0.693 అలాగే ఉండిపోయింది. అర వోల్ట్ డ్రాప్ ఇంత తేడా తేవడానికి కారణం, గమ్యానికీ పై గీతకీ మధ్య ఉన్న దూరమే 1.67 వోల్ట్లు. అందులో మూడో వంతును డయోడ్ తినేసింది. 12 వోల్ట్ల మీద ఇదే సర్క్యూట్ పెడితే 0.913 కాస్తా 0.77కి దిగుతుంది, డ్యూటీ 53 దగ్గరికి వస్తుంది. అంటే డయోడ్ పెట్టిన క్షణం నుంచి మీ ఫ్రీక్వెన్సీ సప్లై మీద ఆధారపడటం మొదలైంది.

నా సలహా, మీ అవసరం ‘సుమారు 50’ అయితే డయోడ్ తీసేయండి. RA 1 కిలోఓమ్, RB 15 కిలోఓమ్, C అదే 47 నానోఫారడ్.

```
t_high = 0.693 × 16k × 47n = 521 µs
t_low  = 0.693 × 15k × 47n = 489 µs
f = 990 Hz,  duty = 51.6 %
```

దీనికయ్యే ఖర్చు ఒక్కటే, డిస్చార్జి జరిగే సగం సమయం RA గుండా 5 మిల్లీఆంపియర్లు వృథాగా పోతాయి. ఏడో పిన్ ట్రాన్సిస్టర్ ఆ కరెంట్ మోస్తూ పూర్తిగా సున్నాకి దిగదు, 0.1 వోల్ట్ లోపు ఎంతో కొంత మిగులుతుంది. దానివల్ల డిస్చార్జి గమ్యం సున్నా కంటే కాస్త పైన ఉండి, t_low కొద్దిగా పెరుగుతుంది. అది మనకు కలిసొచ్చేదే, డ్యూటీ 50కి ఇంకాస్త దగ్గరవుతుంది. ఫ్రీక్వెన్సీ మాత్రం 990 కంటే కొద్దిగా తగ్గి కనిపిస్తుంది. బ్యాటరీ మీద నడిపేదైతే ఆ 5 మిల్లీఆంపియర్లు బాధిస్తాయి, లేకపోతే ఇంతకంటే తేలికైన దారి లేదు.

డయోడ్ నిజంగా అవసరమయ్యేది 50 కంటే తక్కువ డ్యూటీ కావాల్సినప్పుడు. అప్పుడు రెండో డయోడ్ కూడా పెట్టండి: మొదటిది ఏడో పిన్ నుంచి కెపాసిటర్ వైపు, రెండోది RBకి సిరీస్‌లో, కెపాసిటర్ నుంచి ఏడో పిన్ వైపు దారి ఇచ్చేలా. ఇప్పుడు రెండు వైపులా ఒకే డ్రాప్, రెండు వైపులా ఒకే 0.913. డ్యూటీ చక్కగా RA / (RA + RB) అవుతుంది, సప్లై మారినా అది దాదాపు కదలదు. ఫ్రీక్వెన్సీ మాత్రం కదులుతుంది. రెండూ 12 కిలోఓమ్ పెడితే 5 వోల్ట్ల దగ్గర సుమారు 970 హెర్ట్జ్, 12 వోల్ట్ల దగ్గర సుమారు 1150. రెగ్యులేటర్ నుంచి వచ్చే సప్లై అయితే ఇది సమస్యే కాదు.

కచ్చితంగా 50 శాతమే కావాలంటే రెసిస్టర్లతో కుస్తీ పట్టొద్దు. 555ని 2 కిలోహెర్ట్జ్‌లో ఏ డ్యూటీతోనైనా నడిపి, 4013 ఫ్లిప్‌ఫ్లాప్‌లో Q బార్‌ను Dకి కలిపి రెండుతో భాగించండి. 555 డ్యూటీ ఏదైనా సరే, బయటికి వచ్చేది సగం సగమే.

మూడో పిన్ నుంచి ఒకే రెసిస్టర్‌తో కెపాసిటర్‌ను ఛార్జ్, డిస్చార్జ్ చేసే సర్క్యూట్ కూడా మీకు కనబడి ఉంటుంది. అది సీమాస్ 555కే బాగుంటుంది. మీ బైపోలార్ ఐసీ అవుట్‌పుట్ పైకి లేచినా 5 వోల్ట్లు చేరదు, వోల్ట్‌న్నర దాకా కిందే ఆగుతుంది. గమ్యం 3.5 చుట్టుపక్కల, గీత 3.33. కెపాసిటర్ ఆ గీత దగ్గరికి నత్తనడకన చేరుతుంది. డ్యూటీ బాగా పెరిగిపోతుంది, మూడో పిన్ మీద లోడ్ ఎక్కువైతే ఆసిలేషన్ ఆగిపోనూవచ్చు.

ఇక మోనోస్టేబుల్.

మీ 1 మెగాఓమ్, 10 మైక్రోఫారడ్‌లో 1.1 × 10 = 11 సెకన్లు. అదనపు రెండున్నర సెకన్లు ఎక్కడివో చెప్పడానికి ఇద్దరు అనుమానితులున్నారు. ఒకటి కెపాసిటర్ విలువే ఎక్కువ ఉండటం. ఎలక్ట్రోలిటిక్ మీద 10 అని ఉంటే సాధారణంగా ±20 శాతం టాలరెన్స్ ఉంటుంది, కనుక 12 మైక్రోఫారడ్ దాకా నిజాయితీగానే ఉండొచ్చు. అలా అయినా 13.2 సెకన్లే. రెండోది లీకేజీ.

లీకేజీ అంటే కెపాసిటర్‌కు అడ్డంగా ఇంకో దారి ఉండి, ఛార్జింగ్ కరెంట్‌లో కొంత అటు కారిపోవడం. మీ సర్క్యూట్‌లో గీతకు చేరే క్షణాన రెసిస్టర్ మీద మిగిలేది 1.67 వోల్ట్, 1 మెగాఓమ్ గుండా అది 1.67 మైక్రోఆంపియర్ మాత్రమే. అందులో అర మైక్రోఆంపియర్ లీక్ అవుతోందనుకుందాం. అప్పుడు గమ్యం 5 − 0.5 = 4.5 వోల్ట్.

```
T = 10 s × ln( 4.5 / (4.5 − 3.33) ) = 10 s × 1.35 = 13.5 s
```

లీకేజీ 1 మైక్రోఆంపియర్ అయితే గమ్యం 4, టైమ్ దాదాపు 18 సెకన్లు. 1.67 దాటితే గమ్యమే గీత కిందికి వెళ్తుంది, అవుట్‌పుట్ ఎప్పటికీ దిగదు. ‘ఒకసారి నొక్కితే ఇక ఆగట్లేదు’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. చాలాకాలం వాడకుండా పడున్న ఎలక్ట్రోలిటిక్ మొదటి కొన్నిసార్లు మరీ ఎక్కువ లీక్ అవుతుంది, వోల్టేజీ కింద కాసేపు ఉంచితే తగ్గుతుంది. మొదటి పల్స్ పొడవుగా, తర్వాతివి క్రమంగా తగ్గుతూ వస్తే లీకేజీనే అనుమానించండి.

ఇద్దరిలో ఎవరో తేల్చడానికి ఐసీని సాకెట్ నుంచి తీసేయండి. రెసిస్టర్, కెపాసిటర్ మాత్రం సప్లై మీద అలాగే ఉంచి రెండు నిమిషాలు ఆగండి. తర్వాత మల్టీమీటర్‌ను రెసిస్టర్‌కు అడ్డంగా పెట్టి, రీడింగ్ నిలకడగా అయ్యేదాకా మరో నిమిషం చూడండి. లీకేజీ లేకపోతే అది సున్నా దగ్గర ఉంటుంది. అర వోల్ట్ కనబడితే లీకేజీ సుమారు అర మైక్రోఆంపియర్. కెపాసిటర్‌కు అడ్డంగా మాత్రం మీటర్ పెట్టొద్దు. మామూలు డిజిటల్ మీటర్ లోపలి రెసిస్టెన్స్ 10 మెగాఓమ్, మీ 1 మెగాఓమ్‌తో కలిసి అది డివైడర్ అవుతుంది, మంచి కెపాసిటర్ కూడా 4.55 దగ్గరే ఆగిపోయి చెడ్డదానిలా కనబడుతుంది. సర్క్యూట్ నడుస్తుండగా అలా పెట్టి టైమ్ చూసినా 11 సెకన్లు 12 అవుతాయి. మీ 13.5 కొలిచేటప్పుడు మీటర్ ఆరో పిన్ మీద ఉందేమో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

పరిష్కారంగా ‘R తగ్గించి C పెంచు’ అని చాలాచోట్ల చెబుతారు. 100 కిలోఓమ్, 100 మైక్రోఫారడ్ అన్నమాట. దీనివల్ల ఆరో పిన్‌లోకి పోయే చిన్న కరెంట్, బోర్డు మీది తేమ, ఫ్లక్స్ మరక వంటివి లెక్కలోకి రాకుండా పోతాయి, అది లాభమే. కానీ ఒకే రకం ఎలక్ట్రోలిటిక్‌లో కెపాసిటీ పది రెట్లయితే లీకేజీ కూడా ఇంచుమించు పది రెట్లవుతుంది. R పదో వంతు, లీకేజీ పది రెట్లు, వాటి లబ్ధం అదే అర వోల్ట్, గమ్యం అదే 4.5. కెపాసిటర్ జబ్బుకు ఇది మందు కాదు.

మందు కెపాసిటర్ రకం మార్చడమే. సీమాస్ 555 (7555 వంటిది) తీసుకుని, 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్, 9.1 మెగాఓమ్ పెట్టండి: 1.1 × 9.1 = 10 సెకన్లు. సీమాస్ ఐసీ పిన్లలోకి కరెంట్ పోదన్నంత తక్కువ, ఫిల్మ్ కెపాసిటర్ లీకేజీ లెక్కలోకి రాదు. ఇంత పెద్ద రెసిస్టర్‌తో బోర్డు శుభ్రంగా ఉండాలి, ఆరో పిన్ చుట్టూ ఫ్లక్స్ కడిగేయండి. బైపోలార్ ఐసీలో అయితే 9.1 మెగాఓమ్ వద్దు, ఆరో పిన్ కరెంటే మైక్రోఆంపియర్‌లో పదో వంతు ఉంటుంది, 5 వోల్ట్ల మీద గమ్యాన్ని దాదాపు వోల్ట్ మేర కిందికి లాగేస్తుంది. దానికి 1 మెగాఓమ్ దాటకపోవడం మంచిది. నిమిషాల్లో టైమ్ కావాలంటే 555ని వదిలి, 4060 లాంటి ఆసిలేటర్, కౌంటర్ కలిసిన ఐసీకి వెళ్లండి.

చివరిది బటన్. రెండో పిన్ మూడో వంతు కింద ఉన్నంతసేపూ ఈ ఐసీలో ట్రిగ్గర్‌దే పైచేయి, థ్రెషోల్డ్ ఎంత అరిచినా అవుట్‌పుట్ దిగదు. అందుకే ట్రిగ్గర్ పల్స్ T కంటే పొట్టిగా ఉండాలి. బటన్‌ను నేరుగా రెండో పిన్‌కి పెట్టకుండా మధ్యలో కెపాసిటర్ పెట్టండి. రెండో పిన్ నుంచి సప్లైకి 10 కిలోఓమ్. రెండో పిన్‌కీ బటన్‌కీ మధ్య 10 నానోఫారడ్. బటన్ రెండో కాలు గ్రౌండ్‌కి. నొక్కగానే రెండో పిన్ సున్నాకి పడి, 100 మైక్రోసెకన్ల టైమ్ కాన్‌స్టంట్‌తో తిరిగి లేస్తుంది. 1.67 దాటడానికి 0.405 × 100, అంటే 40 మైక్రోసెకన్లు. ట్రిగ్గర్‌కి అది ధారాళం. ఆ తర్వాత మీరు గంటసేపు నొక్కి పట్టుకున్నా పట్టించుకోదు.

బటన్ వైపు కాలుకి సప్లై నుంచి ఒక పుల్‌అప్ రెసిస్టర్ కూడా కావాలి, లేకపోతే రెండోసారి నొక్కినప్పుడు పనిచేయదు. అక్కడ 10 కిలోఓమ్ పెట్టే అలవాటు చాలామందికి ఉంది. దాంతో రెండు ఇబ్బందులు. వేలు తీసినప్పుడు రెండో పిన్ క్షణకాలం 7.5 వోల్ట్ల దాకా ఎగురుతుంది. ఇంకోటి, వేలు తీసేటప్పుడు కాంటాక్ట్ చిటపటలాడితే మళ్లీ ట్రిగ్గర్ కావొచ్చు. 10 సెకన్లు దాటి పట్టుకుని వదిలితే ఊరికే ఇంకో పల్స్ మొదలవుతుంది. పుల్‌అప్ 100 కిలోఓమ్ చేసి, బటన్‌కు అడ్డంగా 0.1 మైక్రోఫారడ్ పెడితే రెండూ పోతాయి. బటన్ వైపు వోల్టేజీ ఇప్పుడు 10 మిల్లీసెకన్ల టైమ్ కాన్‌స్టంట్‌తో నెమ్మదిగా లేస్తుంది. మళ్లీ ట్రిగ్గర్ కావాలంటే అది ముందు 3.33 దాకా లేచి, తర్వాత పడాలి. సున్నా నుంచి 3.33కి ఎంత? అదే 1.1 రెట్లు, 11 మిల్లీసెకన్లు. కాంటాక్ట్ చిటపట అంతకంటే పొట్టిగా ఉన్నంతవరకూ రెండో పిన్ గీత కిందికి దిగదు.

రెండు 555లూ ఒకే సప్లై మీద ఉన్నాయంటే ఇంకొకటి. బైపోలార్ 555 అవుట్‌పుట్ మారే ప్రతిసారీ సప్లై నుంచి ఒక పెద్ద కరెంట్ ముల్లు లాగుతుంది. మీ ఆస్టేబుల్ సెకనుకు రెండు వేల సార్లు ఆ పని చేస్తోంది. ప్రతి ఐసీ ఎనిమిదో పిన్‌కీ ఒకటో పిన్‌కీ మధ్య, కాళ్లకు ఆనుకుని, 0.1 మైక్రోఫారడ్ సెరామిక్, పక్కన 10 మైక్రోఫారడ్ పెట్టండి. ఐదో పిన్ నుంచి గ్రౌండ్‌కి 0.01 మైక్రోఫారడ్. నాలుగో పిన్ గాల్లో వదలకుండా సప్లైకి. ఇవి లేకపోతే మోనోస్టేబుల్ ఎవరూ నొక్కకుండానే మొదలవుతుంది, లేదా టైమ్ ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. అప్పుడు పైన చెప్పిన లెక్కలేవీ కుదరవు.